కాంట్రాక్టు చట్టం: 40 పేజీల చాప్టర్‌ని దుకాణదారుకి పనికొచ్చే రెండు పేజీల నోట్స్‌గా మార్చడం ఎలా

తెనాలిలో మా పిన్నికి స్కూల్ యూనిఫాంల షాపు ఉంది. రెండేళ్ల క్రితం ఒక కుట్టుపని యూనిట్‌కి 400 జతలు ఆర్డరిచ్చింది. జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి 5వ తేదీకల్లా సరుకు చేతికి రావాలని గట్టిగా చెప్పింది. వచ్చింది 16న. అప్పటికే చాలామంది తల్లిదండ్రులు వేరే చోట కొనేసుకున్నారు. పిన్ని ఏమీ అనకుండా సరుకు దించుకుంది. నెల తర్వాత బిల్లులో 18,000 రూపాయలు తగ్గించి మిగతాది పంపింది. అవతలివాళ్లు లాయరు నోటీసు పంపారు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "నువ్వు రాసిచ్చిన కాగితంలో ఉందిగా నాన్నా, సరుకు లేటైతే నష్టపరిహారం అడగొచ్చని!" అంది.

నిజమే, ఆ వాక్యం నేనే రాశాను. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తూ, మా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల కోసం పాఠ్యపుస్తకంలోని కాంట్రాక్టు చట్టం చాప్టర్‌ని కుదించి రాసిన నోట్స్ అవి. సెక్షన్ 55లో మూడు పేరాలుంటే నేను వాటిని ఒక్క వాక్యం చేశాను. మూడో పేరా చివర "తప్ప" అనే మాటతో ఒక షరతు ఉంది. అదే జారిపోయింది. భాష సులువుగానే ఉంది, పిన్నికి బాగానే అర్థమైంది. కానీ అర్థమైంది సగం రూలు.

ఆ తర్వాత నోట్స్ మొత్తం తిరగరాశాను. అప్పుడు నేను పాటించిన వరస, ఎక్కడెక్కడ తప్పు దొర్లుతుందో కలిపి కింద చెబుతున్నాను.

మొదటి అడుగు: పుస్తకం కంటే ముందు బిల్లుబుక్కు తెరవండి

ఎవరి కోసం రాస్తున్నారో ఆ వ్యాపారి దగ్గర ఒక గంట కూర్చోండి. ఆర్డరు పుస్తకం, చలాన్లు, బిల్లులు, సప్లయర్‌తో వాట్సాప్‌లో జరిగిన మాటలు చూపించమనండి. కిందటేడు గొడవ వచ్చిన మూడు నాలుగు సందర్భాలు అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "అడ్వాన్సు ఇచ్చాక సరుకు పంపలేదు", "రేటు పెరిగిందని మాట మార్చాడు", "బాకీ నాలుగేళ్లయింది, ఇప్పుడు అడగొచ్చా" - ఇలా ఉంటాయి అవి. ఈ ప్రశ్నలే మీ నోట్స్‌కి శీర్షికలవుతాయి.

ఈ గంట పెట్టకపోతే పుస్తకం వరసే నోట్స్ వరస అయిపోతుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ చాప్టర్ సాధారణంగా 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని మొదటి 75 సెక్షన్ల చుట్టూ నడుస్తుంది. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, అర్హత, స్వేచ్ఛా సమ్మతి, చెల్లని ఒప్పందాలు, అమలు, ఉల్లంఘన, చివరికి నష్టపరిహారం. పరీక్ష రాసేవాడికి ఈ వరస బాగుంటుంది. షాపులో లారీ ఆగి ఉన్నప్పుడు కాగితం తీసి చూసుకునే మనిషికి మాత్రం కావాల్సిన ముక్క ముప్పయ్యో పేజీలో ఉంటుంది. అందుకే నేను నాలుగు సమయాలుగా విడదీశాను: బేరం కుదిరేటప్పుడు, సరుకు చేతులు మారేటప్పుడు, డబ్బు రావాల్సినప్పుడు, మాట తప్పినప్పుడు.

రెండో అడుగు: పెన్సిల్‌తో మూడే గుర్తులు

ఇప్పుడు చాప్టర్‌ని ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదవండి. రాయొద్దు, గుర్తులు మాత్రం పెట్టండి. ఎవరికి హక్కు లేదా బాధ్యత వస్తుందో ఆ మాట కింద గీత. ఎప్పటికల్లా, ఎప్పటినుంచి అన్న చోట సున్నా. "తప్ప", "అయితే", "షరతుకు లోబడి" లాంటి మాట కనిపిస్తే దాని చుట్టూ పెట్టె. ఆ పెట్టెలే ముఖ్యం. నోట్స్ పూర్తయ్యాక పుస్తకంలోని ప్రతి పెట్టె నోట్స్‌లోకి వచ్చిందో లేదో లెక్కపెడతారు. రాని చోట ఆ రూలు మొత్తాన్ని తీసేసి ఉండాలి, లేదా మీరు పొరపాటు చేసి ఉండాలి.

ఏం తీసేయాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న సరిపోతుంది: ఈ రూలు తెలిస్తే ఈ వ్యాపారి రేపు పొద్దున చేసే పని ఏదైనా మారుతుందా? సెక్షన్ 2లోని నిర్వచనాలు, సెక్షన్ 30లోని పందేల ఒప్పందాలు, చట్టం పుట్టుపూర్వోత్తరాలు ఈ ప్రశ్న ముందు నిలబడవు. కొన్ని మాత్రం పాఠకుణ్ని బట్టి మారతాయి. 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం అసలు చెల్లదని 1903లో అప్పటి అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది. రైస్‌మిల్లు యజమానికి దీనితో పెద్దగా పని ఉండదు. వాయిదాల మీద సెల్‌ఫోన్లు అమ్మే కుర్రాడికి మాత్రం ఇది మొదటి పేజీలో ఉండాలి.

కేసుల విషయంలో తీర్పు కథ వదిలేసి, దానివల్ల చేతల్లో వచ్చే తేడా పట్టుకోవాలి. ఉదాహరణకి 1960ల నాటి ఒక సుప్రీంకోర్టు కేసు ఉంది. అహ్మదాబాద్ వ్యాపారి ఫోన్ చేసి ఖామ్‌గావ్‌లోని ఆయిల్ మిల్లు వాళ్లని పత్తిగింజల చెక్క అడిగాడు, వాళ్లు ఫోన్లోనే సరే అన్నారు. తర్వాత గొడవొచ్చింది. కాంట్రాక్టు ఏ ఊళ్లో పుట్టినట్టు? ఒప్పుకున్న మాట వినిపించిన ఊళ్లో, అంటే అహ్మదాబాద్‌లో అని మెజారిటీ తీర్పు. పుస్తకంలో ఇది మూడు పేజీలు, భిన్నాభిప్రాయంతో సహా. నోట్స్‌లో ఇలా రాశాను: "ఫోన్లో బేరం కుదిరితే, 'సరే' అన్న మాట ఎవరు విన్నారో వాళ్ల ఊళ్లో కాంట్రాక్టు పుట్టినట్టు. దావా ఆ ఊరి కోర్టులోనూ వేయొచ్చు." అంతే. ఉత్తరాలకి రూలు వేరు కాబట్టి "ఫోన్లో" అన్న మాటని మాత్రం కదపకూడదు.

మూడో అడుగు: ఒక్క సెక్షన్‌ని దగ్గరగా చూద్దాం

పిన్నిని ఇబ్బందిలో పెట్టిన సెక్షన్ 55నే తీసుకుందాం. దాని సారం తెలుగులో ఇది. మొదటి పేరా: ఫలానా సమయానికి చేస్తానన్న పని ఆ సమయానికి చేయకపోతే, సమయమే ఆ కాంట్రాక్టుకి ప్రాణమని ఇద్దరూ అనుకుని ఉంటే, రెండోవారు కాంట్రాక్టుని రద్దు చేసుకోవచ్చు. రెండో పేరా: సమయం అంత కీలకం కాకపోతే రద్దు కుదరదు, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం మాత్రం వస్తుంది. మూడో పేరా: సమయం కీలకమై, రద్దు హక్కు చేతిలో ఉండి కూడా ఆలస్యంగా వచ్చిన దాన్ని ఒప్పుకుంటే, ఆ ఆలస్యానికి పరిహారం అడగడానికి వీల్లేదు, ఒప్పుకునే సమయంలోనే అడుగుతానని తెలియజేస్తే తప్ప.

నేను మొదట రాసింది, "సరుకు లేటైతే నష్టపరిహారం అడగొచ్చు." ఇది రెండో పేరాకి సరిపోతుంది. పిన్నిది మొదటి, మూడో పేరాల వ్యవహారం. బడులు తెరిచే తేదీ కోసమే తెప్పించిన యూనిఫాంలు కాబట్టి సమయమే కీలకం. ఆవిడ 16న సరుకు తిప్పి పంపి ఉండొచ్చు. లేదా దించుకుంటూ చలాను మీద ఒక్క వాక్యం రాసి ఉండొచ్చు. రెండూ చేయలేదు, ఎందుకంటే చేయాలని నా కాగితం చెప్పలేదు.

రెండోసారి రాసినప్పుడు ఎదురు తప్పు చేశాను. మూడు పేరాలూ పెట్టేశాను, "సమయం కాంట్రాక్టుకి సారభూతమైనప్పుడు" లాంటి మాటలతో సహా. పిన్ని చదివి పక్కన పెట్టేసింది. మూడోసారికి ఇలా కుదిరింది:

> సరుకు లేటుగా వస్తే
> ఆ తేదీ దాటితే సరుకు మీకు పనికిరాదని ఆర్డరిచ్చేటప్పుడే ఇద్దరికీ తెలుసా? అయితే మీకు రెండు దారులు. తీసుకోకుండా ఆర్డరు రద్దు చేసుకోవచ్చు. తీసుకోదలిస్తే, లారీ నుంచి దించుకునేటప్పుడే "ఆలస్యానికి నష్టం అడుగుతాను" అని చెప్పాలి. అప్పుడు చెప్పకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు.
> తేదీ అంత ముఖ్యం కాని సరుకైతే రద్దు కుదరదు. ఆలస్యం వల్ల కలిగిన నష్టం అడగొచ్చు.
> జాగ్రత్త: ఏ రకమో తేలకపోయినా సరే, దించుకునే రోజే చలాను మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి.
> సె. 55

ఇందులో రెండు విషయాలు గమనించండి. చివర సెక్షన్ నంబరుకి పైనున్న పంక్తి చట్టం కాదు, నా సలహా. చట్టం ప్రకారం తేదీ కీలకం కాని సరుకుకి ఆ నోటీసు షరతు లేదు, చలాను మీద రాయాలనీ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే దానికి "జాగ్రత్త" అని వేరే పేరు పెట్టాను. చట్టాన్నీ సలహానీ ఒకే వాక్యంలో కలిపేస్తే, రేపు ఈ వ్యాపారి అవతలివాడి దగ్గర "రాతలో చెప్పలేదు కాబట్టి నీకు హక్కు లేదు" అని తప్పుగా వాదిస్తాడు. రెండోది, "అంగీకరించేటప్పుడు" తీసేసి "లారీ నుంచి దించుకునేటప్పుడే" అని రాయడం. దాని కథ చివర్లో చెబుతాను.

నష్టం ఎంత వస్తుందన్నది సెక్షన్ 73. అక్కడ చట్టంలోనే ఉన్న ఒక ఉదాహరణని నేను తీసేయలేదు, ఎందుకంటే దానికంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఒకాయన మిల్లుకి కావాల్సిన యంత్రాన్ని రవాణావాళ్లకి అప్పగించి, ఇది లేక మిల్లు ఆగిపోయిందని చెబుతాడు. వాళ్లు అకారణంగా ఆలస్యం చేస్తారు. ఈలోగా ఆయనకి రావాల్సిన లాభసాటి ప్రభుత్వ కాంట్రాక్టు చేజారుతుంది. మిల్లు నడిచి ఉంటే ఆ రోజుల్లో మామూలుగా వచ్చే లాభం ఆయనకి వస్తుంది. ప్రభుత్వ కాంట్రాక్టు నష్టం రాదు, దాని సంగతి రవాణావాళ్లకి తెలియదు కాబట్టి. దీనినుంచి నోట్స్‌లోకి వచ్చిన ముక్క: "లేటైతే మీకు ప్రత్యేకంగా ఏం పోతుందో ఆర్డరిచ్చే రోజే చెప్పి రాయించండి. గొడవయ్యాక చెబితే లెక్కలోకి రాదు." ఇది బేరం కుదిరేటప్పటి పేజీలో ఉండాలి, పుస్తకంలోలాగా చాప్టర్ చివర కాదు. ఉల్లంఘన జరిగాక చదివితే ఈ రూలుతో చేయగలిగిందేమీ ఉండదు.

నాలుగో అడుగు: తెలిసిన మాటలే మోసం చేసే చోట ఆగండి

కఠినమైన మాటల దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. చిక్కు వచ్చేది రోజూ వాడే మాటల దగ్గర. "చెల్లదు" చూడండి. చట్టంలో రెండు వేర్వేరు స్థితులున్నాయి. ఒకటి మొదటినుంచీ విలువ లేని ఒప్పందం. రెండోది ఒక పక్షం వద్దనుకునేదాకా పూర్తిగా నిలబడే కాంట్రాక్టు, మోసం చేసో బెదిరించో ఒప్పించినప్పటిలాంటిది. మనం రెండింటికీ చెల్లదనే అంటాం. నోట్స్‌లో మొదటిదానికి "అసలు చెల్లదు" అనీ, రెండోదానికి "మీరు కావాలంటే రద్దు చేసుకోవచ్చు, చేసుకోకపోతే నడుస్తుంది" అనీ ప్రతిసారీ అలాగే రాయండి. రెండో రకంలో నిజం తెలిశాక కూడా సరుకు తీసుకుంటూ పోతే ఒప్పుకున్నట్టే అవుతుంది. "చెల్లదు" అని ఒక్క మాటలో రాస్తే ఆ వ్యాపారి తీరిగ్గా కూర్చుంటాడు.

"పెనాల్టీ" ఇంకోటి. రోజు ఆలస్యానికి వెయ్యి రూపాయలు పెనాల్టీ అని ఆర్డరులో రాసుకుంటే ఆ వెయ్యీ చచ్చినట్టు ఇవ్వాలని చాలామంది నమ్మకం. సెక్షన్ 74 అలా అనలేదు. రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి. దాన్ని మించకుండా, కోర్టుకి సమంజసం అనిపించినంత వస్తుంది. ఇంకా, "నష్టం ఎంతో నిరూపించినా నిరూపించకపోయినా" అన్న మాట ఆ సెక్షన్‌లో ఉంది కదా అని, నష్టమే జరగకపోయినా డబ్బు వస్తుందని రాయొద్దు. నష్టం జరిగి ఉండాలనీ, లెక్కకట్టే వీలున్న చోట దాన్ని నిరూపించాలనీ సుప్రీంకోర్టు 2015లో కైలాష్ నాథ్ కేసులో స్పష్టం చేసింది. నా వాక్యం ఇది: "పెనాల్టీ రాసుకోండి, అది పైకప్పు మాత్రమే. నిజంగా పోయిందేమిటో చూపించే బిల్లులు దాచుకోండి."

"కాంట్రాక్టు" అన్న మాట చెవినపడగానే మనవాళ్లకి స్టాంపు పేపరు గుర్తొస్తుంది. నోటిమాట మీద జరిగిన మామూలు సరుకు బేరం కూడా కాంట్రాక్టే, సెక్షన్ 10 రాత అడగదు. రాసుకోవడం రుజువు కోసం. ఇది మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో పెట్టాను. "మేం ఏమీ రాసుకోలేదుగా" అని దర్జాగా మాట తప్పేవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే.

అయిదో అడుగు: చాప్టర్‌లో లేనిదాన్ని వేరే రంగు కాగితం మీద

1872 చట్టంలో ఒకప్పుడు సరుకు అమ్మకం, భాగస్వామ్యం కూడా ఉండేవి. 1930లో సరుకు అమ్మకాల చట్టం, 1932లో భాగస్వామ్య చట్టం వేరుగా వచ్చి అవి బయటికి వెళ్లిపోయాయి. కాబట్టి చాప్టర్ ఎంత బాగా కుదించినా కొన్ని ప్రశ్నలకి అందులో జవాబు దొరకదు. అన్నిటికంటే ఎక్కువ అడిగేది పాత బాకీ సంగతి.

దీనికి సగం జవాబు చాప్టర్‌లో, సగం 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉంది. అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు. అప్పు గడువు పెట్టకపోతే సరుకిచ్చిన రోజునుంచి, పెట్టి ఉంటే ఆ గడువు తీరినప్పటినుంచి లెక్క. "మూడేళ్లయితే బాకీ పోతుంది" అని కుదిస్తే తప్పు. పోయేది కోర్టుకెళ్లే దారి, బాకీ కాదు. ఆ దారిని పొడిగించడానికి ఒక పద్ధతి, మూసుకున్నాక మళ్లీ తెరవడానికి ఇంకో పద్ధతి ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. మూడేళ్ల లోపలైతే "మీకు ఇంత బాకీ ఉన్నాం" అని రాసి సంతకం పెడితే చాలు, ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు. మూడేళ్లు దాటాక ఆ ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు. "ఇస్తాను" అన్న వాగ్దానం ఉండాలి, రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఇది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25లోని మూడో క్లాజు. ఖాతా పుస్తకంలో ఏటా మార్చి చివర బాకీదారు చేత నిల్వ మొత్తం పక్కన తేదీ వేయించి సంతకం పెట్టించుకునే పాత వ్యాపారుల అలవాటు చట్టం దృష్టిలోనూ సరైనదే, అది మూడేళ్ల లోపల జరుగుతుంది కాబట్టి.

ఇలాంటి పక్క చట్టాల ముక్కలు నేను పసుపు కాగితం మీద విడిగా ఇస్తాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారులకి 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలన్న 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం రూలు కూడా అందులోనే ఉంటుంది. 1872 రూళ్లు మెల్లగా మారతాయి, ఇవి తొందరగా మారతాయి. మారినప్పుడు పసుపు కాగితం ఒక్కటే మార్చుకోవచ్చు.

ఆరో అడుగు: "అర్థమైందా" అని అడగొద్దు

నోట్స్ చేతిలో పెట్టి అర్థమైందా అంటే ఎవరైనా తలూపుతారు. దానికి బదులు ఒక చిన్న సంఘటన చెప్పి, కాగితం చూసి జవాబు చెప్పమనండి. ఆ తర్వాత ఒక్క వివరం మార్చి మళ్లీ అడగండి. నేను సెక్షన్ 55 ముక్కని ఒక హార్డ్‌వేర్ షాపు ఆయన దగ్గర ఇలాగే పరీక్షించాను. "గృహప్రవేశం ముహూర్తానికి కావాలని తెప్పించిన తలుపులు పది రోజులు లేటు. దించుకున్నారు. వారం తర్వాత నష్టం అడిగారు. వస్తుందా?" ఆయన కాగితం రెండుసార్లు చదివి "వస్తుందండీ" అన్నారు. ఎందుకని అడిగితే, "నేనింకా అంగీకరించలేదు కదా, బిల్లు కట్టలేదుగా" అన్నారు. అప్పటి కాగితంలో "అంగీకరించేటప్పుడు" అని ఉంది. వ్యాపారి లెక్కలో అంగీకరించడమంటే డబ్బు కట్టడం. ఆ రోజే అది "లారీ నుంచి దించుకునేటప్పుడే" అయింది. రెండో షాపులో అదే ప్రశ్నకి సరైన జవాబు వచ్చింది.

ముగ్గురు వ్యాపారులు తడబడకుండా జవాబు చెప్పాక, కాగితాన్ని ఒక లాయరుకి చూపించండి. బాగుందా అని అడిగితే బాగుందంటారు. పుస్తకంలో మీరు పెట్టెలు గీసిన "తప్ప"ల జాబితా పక్కన పెట్టి, వీటిలో ఏది జారిపోయిందో చూడమనండి. నేను పుస్తకంలో గీసిన 14 పెట్టెల్లో జారిపోయింది ఒకటి దొరికింది: 18 నిండనివాళ్లకి ఇచ్చిన జీవనావసర వస్తువుల ఖరీదు వాళ్ల ఆస్తినుంచి రాబట్టుకోవచ్చన్న సెక్షన్ 68.

ప్రతి కాగితం అడుగున తేదీ వేయండి, పక్కన సెక్షన్ నంబర్లు ఉండనివ్వండి. నంబరు వ్యాపారికి అక్కర్లేదు, ఆ కాగితం తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లిన రోజు ఆ లాయరుకి కావాలి. పాత కాపీలు ఎవరెవరి దగ్గరున్నాయో రాసుకోండి, కొత్తవి ఇచ్చేటప్పుడు పాతవి వెనక్కి తీసుకోండి. పిన్ని చివరికి 18,000లో సగం వదులుకుని రాజీ పడింది. ఆవిడ గల్లాపెట్టె పక్కన గోడకి అంటించుకున్న నా పాత కాగితాన్ని నేనే వెళ్లి చించేసి, కొత్తది అంటించి వచ్చాను.